కరెన్సీ హెడ్జ్ చేసిన ఫండా, చేయనిదా: హైదరాబాద్ మదుపరికి, విదేశంలో ఉన్న మనవారికి సమాధానం ఒకటే కాదు

2025లో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ, డివిడెండ్లు కలుపుకుంటే, డాలర్లలో సుమారు 18 శాతం పెరిగింది. ఈ సూచీని అనుసరించే ఫండ్‌లో మియాపూర్‌లో ఉండే అక్క, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు చెరొక మొత్తాన్ని సంవత్సరం మొదట్లో పెట్టారని అనుకుందాం. ఆ ఏడాది డాలర్ రూ.85.60 దగ్గర నుంచి దాదాపు రూ.90కి చేరింది కాబట్టి, అక్కకు రూపాయల్లో దాదాపు 23, 24 శాతం లాభం కనిపించింది. అదే సమయంలో యూరో 1.035 డాలర్ల దగ్గర నుంచి 1.17 డాలర్లు దాటింది. అంటే తమ్ముడి దృష్టిలో డాలర్ బాగా చవకయింది. అతనికి చేతికి మిగిలింది సుమారు 4 శాతం మాత్రమే. సూచీ ఒకటే, అందులోని కంపెనీలు అవే, సంవత్సరమూ అదే. ఇద్దరినీ వేరు చేసింది మారకపు రేటు.

ఈ తేడాను తొలగించడానికే, మారకపు రేటును ముందే ఖాయం చేసుకునే, అంటే హెడ్జ్ చేసిన ఫండ్లు ఉన్నాయి. మ్యూనిక్ తమ్ముడు యూరో హెడ్జ్ ఉన్న ఫండ్‌ను ఎంచుకుని ఉంటే 2025లో అతనికి 15 శాతం దరిదాపుల్లో వచ్చి ఉండేది. పూర్తి 18 శాతం ఎందుకు రాదన్నదే హెడ్జింగ్ ఖర్చు కథ. ఈ ఖర్చు అందరికీ ఒకేలా ఉండదనీ, కొందరికి అది ఖర్చు కాకపోగా ఆదాయంగా వస్తుందనీ చాలామంది గమనించరు. ఎంపిక ప్రధానంగా దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి ముందు దాన్ని వివరంగా చూద్దాం.

ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది

విదేశాల్లో బంధువులున్న హైదరాబాద్ కుటుంబాలకు ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్, ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ అనే రెండు పేర్లు బాగా తెలుసు. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో డబ్బు రూపాయల్లో ఉంటుంది, వడ్డీ సాధారణంగా ఎక్కువ, కానీ రూపాయి పడిపోతే ఆ నష్టం ఖాతాదారుడిదే. ఎఫ్‌సీఎన్‌ఆర్‌లో డాలర్లు వేస్తే డాలర్లే తిరిగి వస్తాయి, మారకపు రేటు బాధ ఉండదు, వడ్డీ సాధారణంగా తక్కువ. ఈ రెండు వడ్డీల మధ్య ఉన్న అంతరంలో ప్రధాన భాగం రూపాయి రిస్క్‌ను వదిలించుకోవడానికి చెల్లించే ధర. ఫండ్లలో హెడ్జింగ్ ఖర్చు కూడా సరిగ్గా ఇదే సూత్రం మీద నడుస్తుంది.

హెడ్జింగ్ చేసే ఫండ్ మేనేజర్ ఒక ఫార్వర్డ్ ఒప్పందం కుదుర్చుకుంటాడు. నెల తర్వాత, లేదా మూడు నెలల తర్వాత, ఇంత మొత్తం డాలర్లను ఈ రేటుకు అమ్ముతానని ఈ రోజే ఖాయం చేసుకోవడమే ఆ ఒప్పందం. ఆ రేటు ఎవరి జోస్యం మీదా ఆధారపడదు. రెండు దేశాల వడ్డీ రేట్ల తేడాను బట్టి ఏర్పడుతుంది. లెక్క సులువుగా ఉండేందుకు ఇప్పటి డాలర్ రేటు రూ.85, ఏడాది రూపాయి వడ్డీ 6 శాతం, డాలర్ వడ్డీ 4 శాతం అనుకుందాం. 85ను 1.06తో గుణించి 1.04తో భాగిస్తే రూ.86.63 వస్తుంది, ఏడాది ఫార్వర్డ్ రేటు అక్కడే ఉంటుంది. వేరే చోట ఉంటే, ఒక కరెన్సీలో అప్పు తీసుకుని రెండో కరెన్సీలో డిపాజిట్ చేసి, ఫార్వర్డ్‌తో రేటును బిగించుకుని రిస్క్ లేకుండా సంపాదించే వీలు బ్యాంకులకు ఏర్పడుతుంది, ఆ వ్యాపారమే రేటును మళ్లీ దగ్గరకు లాగుతుంది.

ఇప్పుడు ఎవరు ఏ వైపు నిలబడ్డారో చూడాలి. మియాపూర్ అక్క దగ్గర డాలర్ ఆస్తి ఉంది, ఆమెకు రూపాయలు కావాలి. ఆమె ఫండ్ హెడ్జ్ చేస్తే, ఈ రోజు రూ.85 ఉన్న డాలర్‌ను ఏడాది తర్వాత రూ.86.63కి అమ్ముతుంది. అంటే హెడ్జింగ్ వల్ల ఆమెకు ఏడాదికి దాదాపు 1.9 శాతం అదనంగా వస్తుంది, దీన్నే ఫార్వర్డ్ ప్రీమియం అంటారు. అదే న్యూజెర్సీలో ఉండి భారతీయ షేర్ల ఫండ్ కొనే బంధువు వ్యతిరేక దిశలో ఉంటాడు. రూపాయిని హెడ్జ్ చేయాలంటే దాదాపు అంతే మొత్తం అతను వదులుకోవాలి.

తమ్ముడి పరిస్థితి న్యూజెర్సీ బంధువు పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. యూరోకు 1.10 డాలర్లు, డాలర్ వడ్డీ 4 శాతం, యూరో వడ్డీ 2 శాతం అనుకుంటే, ఏడాది ఫార్వర్డ్ రేటు యూరోకు 1.1216 డాలర్లు అవుతుంది. ఈ రోజు 10,000 యూరోలను 11,000 డాలర్లుగా మార్చి, ఏడాది తర్వాత తిరిగి యూరోల్లోకి తెచ్చుకునే రేటును బిగించుకుంటే 9,808 యూరోలే వస్తాయి. షేర్ల లాభనష్టాలతో సంబంధం లేకుండా, హెడ్జ్ పెట్టినందుకే 192 యూరోలు పోయాయి. ఇది ఫండ్ ఖర్చుల నిష్పత్తిలో ఎక్కడా కనిపించదు. ఐషేర్స్ సంస్థకు చెందిన యూరో హెడ్జ్ ఉన్న ఎస్ అండ్ పీ 500 ఫండ్ (IUSE) వార్షిక రుసుము 0.20 శాతం, హెడ్జ్ లేని దాని జోడీ (CSPX) రుసుము 0.07 శాతం. ఆ 0.13 శాతం తేడాను చూసి హెడ్జింగ్ చాలా చవక అనుకునేవారు, దానికి పది రెట్లకు పైగా ఉన్న అసలు ఖర్చును చూడలేకపోతున్నారు.

అసలు ఖర్చును తెలుసుకునే పద్ధతి కష్టం కాదు. హెడ్జ్ చేసిన ఫండ్ రాబడిని హెడ్జ్ చేయని ఫండ్ రాబడితో పోల్చకూడదు, ఎందుకంటే ఆ తేడాలో మారకపు రేటు హెచ్చుతగ్గులు కలిసిపోతాయి. హెడ్జ్ చేసిన ఫండ్ రాబడిని డాలర్లలో లెక్కించిన సూచీ రాబడితో పోల్చాలి. సూచీ డాలర్లలో 10 శాతం పెరిగిన ఏడాది ఫండ్ యూరోల్లో 7.9 శాతం ఇచ్చిందంటే, ఆ 2.1 శాతం వడ్డీ తేడా, రుసుము, లావాదేవీల ఖర్చు కలిసిన మొత్తం. మూడు నాలుగేళ్లకు విడివిడిగా ఈ లెక్క వేస్తే, వడ్డీ రేట్లతో పాటే ఆ అంతరం ఎలా మారుతూ వచ్చిందో కళ్లకు కడుతుంది.

హెడ్జ్ ఎప్పుడూ పూర్తిగా సరిపోదు

చాలా ఫండ్లు నెలకు ఒకసారి ఒప్పందాలను ముగించి కొత్తవి కుదుర్చుకుంటాయి. నెల మొదట్లో 100 యూరోల విలువైన షేర్లకు 100 యూరోల హెడ్జ్ ఉందనుకుందాం. నెల మధ్యలో షేర్లు 90కి పడిపోతే, హెడ్జ్ మాత్రం 100 దగ్గరే ఉంటుంది. ఆ అదనపు 10 యూరోలు డాలర్ పడుతుందన్న పందెంగా మారిపోతాయి. మార్కెట్లు భయంతో పడే రోజుల్లో డాలర్ చాలాసార్లు పెరుగుతుంది కాబట్టి, ఆ అదనపు భాగం సరిగ్గా తప్పు సమయంలో నష్టం తెస్తుంది. అంతేకాదు, డాలర్ 5 శాతం పెరిగితే ఒప్పందం మీద వచ్చిన 5 యూరోల నష్టాన్ని ఫండ్ నెలాఖరున నగదుగా చెల్లించాలి. షేర్ల మీద వచ్చిన మారకపు లాభం మాత్రం కాగితం మీదే ఉంటుంది. కాబట్టి కొన్ని షేర్లు అమ్మక తప్పదు. పెద్ద ఫండ్లకు ఇది రోజువారీ పని లాంటిదే గానీ, దాని వల్ల రాబడిలో చిన్న చిన్న తరుగుదల ఏటా ఉంటూనే ఉంటుంది.

అక్కకు వచ్చే 1.9 శాతం ఎందుకు ఉచితం కాదు

ఇక్కడ ఒక సహజమైన ప్రశ్న వస్తుంది. హెడ్జ్ చేస్తే హైదరాబాద్ మదుపరికి డబ్బు ఎదురు వస్తుందంటే, అందరూ హెడ్జ్ చేసిన ఫండే కొనాలి కదా? ఆచరణలో భారత్‌లో అమ్ముడయ్యే అమెరికా షేర్ల పథకాల్లో దాదాపు అన్నీ హెడ్జ్ చేయనివే, ఎంపిక చేసుకోవడానికి రెండో రకం దొరకడమే అరుదు. అయినా ఆ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవాలి, ఎందుకంటే హెడ్జ్ లేని ఫండ్ తనకు సరైనదో కాదో మదుపరి నిర్ణయించుకోవలసింది ఈ కారణం మీదే.

2008ని తీసుకుందాం. ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లతో కలిపి డాలర్లలో 37 శాతం పడిపోయింది. ఆ సంవత్సరం మొదట్లో రూ.39.40 దగ్గర ఉన్న డాలర్ సంవత్సరాంతానికి రూ.48.60 దగ్గరకు చేరింది. రూ.10 లక్షలు హెడ్జ్ లేకుండా పెట్టినవారి దగ్గర దాదాపు రూ.7.75 లక్షలు మిగిలాయి. పూర్తిగా హెడ్జ్ చేసి ఉంటే, ప్రీమియం కలుపుకున్నా, రూ.6.5 లక్షలకు మించి మిగిలేది కాదు. 2022లోనూ అదే జరిగింది: సూచీ డాలర్లలో 18 శాతం తగ్గింది, రూపాయి 74.30 నుంచి 82.70కి జారింది, రూపాయల్లో నష్టం 9 శాతం దగ్గర ఆగిపోయింది. ప్రపంచం భయపడినప్పుడు విదేశీ పెట్టుబడిదారులు మన మార్కెట్ నుంచి డబ్బు వెనక్కి తీసుకుంటారు, వాళ్లకు డాలర్లు కావాలి, రూపాయి పడుతుంది. అందువల్ల రూపాయి మదుపరికి డాలర్ దానంతట అదే ఒక రక్షణగా పనిచేస్తుంది. హెడ్జ్ ద్వారా వచ్చే 1.9 శాతం ఆ రక్షణను అమ్ముకున్నందుకు వచ్చిన ధర.

ఆ ధర ఎప్పుడు గిట్టుబాటు అవుతుందో చూడటానికి ఒక కొలత ఉంది. 2003 చివర రూ.45.60 దగ్గర ఉన్న డాలర్ 2023 చివరకు రూ.83.20కి చేరింది; సగటున రూపాయి ఏటా దాదాపు 3 శాతం తగ్గుతూ వచ్చింది. డాలర్ మీద ఏడాది ఫార్వర్డ్ ప్రీమియం 4 శాతం చుట్టుపక్కల ఉన్న రోజుల్లో హెడ్జ్ చేసినవారికి ఆ సగటు తరుగుదల కంటే ఎక్కువే దక్కేది. 2023లో ఆ ప్రీమియం 2 శాతం లోపుకు దిగింది. అంత తక్కువ ధరకు, సంక్షోభంలో ఉపయోగపడే రక్షణను అమ్ముకోవడం నా దృష్టిలో లాభసాటి బేరం కాదు. అయితే ఆ 3 శాతం సగటు మాత్రమే, ఎవరూ ఇచ్చిన హామీ కాదు. 2003 చివరి నుంచి 2007 చివరి వరకు నాలుగేళ్లలో డాలర్ రూ.45.60 నుంచి రూ.39.40కి దిగింది, 2017 ఒక్క ఏడాదిలోనే దాదాపు 6 శాతం పడింది. అలాంటి కాలంలో రూపాయల్లో డబ్బు తీయవలసి వచ్చినవారికి హెడ్జ్ లేకపోవడం స్పష్టమైన నష్టం.

ఎవరికి ఏది

అక్క ఈ డబ్బును పన్నెండేళ్ల తర్వాత కూతురి అమెరికా చదువు కోసం ఉంచుకున్నదైతే, సమాధానం సూటిగా ఉంటుంది. ఫీజు డాలర్లలో కట్టాలి. హెడ్జ్ చేసిన ఫండ్ ఆమెను రూపాయిలోకి లాగుతుంది, ఖర్చు మాత్రం డాలర్‌లోనే ఉంటుంది. అంటే హెడ్జే ఆమెకు రిస్క్ అవుతుంది. హెడ్జ్ లేని ఫండ్ ఆమెకు సరైనది. పదవీ విరమణ కోసం పదేళ్లకు పైగా ఉంచే డబ్బు విషయంలోనూ, పైన చెప్పిన కారణం వల్ల, హెడ్జ్ లేనిదే నేను ఎంచుకుంటాను.

గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ప్రాంతాల్లో అమెరికా కంపెనీల్లో పనిచేసేవారి సంగతి కొంచెం వేరు. జీతంలో భాగంగా వచ్చే కంపెనీ షేర్లు ఇప్పటికే డాలర్లలో ఉంటాయి, ఉద్యోగం కూడా ఆ కంపెనీ మీదే ఆధారపడి ఉంటుంది. రెండేళ్లలో నార్సింగిలో ఫ్లాట్ కొనడానికి ఆ షేర్లను లెక్కలో పెట్టుకున్నవారు డాలర్ రేటు గురించి ఆలోచించే ముందు షేరు ధర గురించి ఆలోచించాలి. ఒకే కంపెనీ షేరు రెండేళ్లలో 30, 40 శాతం పడటం అసాధారణం కాదు. రూపాయి–డాలర్ హెచ్చుతగ్గు దానికి చాలా చిన్నది. అవసరమైన మొత్తాన్ని దశలవారీగా అమ్మి రూపాయల్లో ఉంచుకోవడమే వారికి సరైన హెడ్జ్. ఎన్‌ఎస్‌ఈలో 1,000 డాలర్ల లాట్లతో ఉండే డాలర్ ఫ్యూచర్స్‌తో సొంతంగా హెడ్జ్ చేసుకోవచ్చని కొందరు అంటారు గానీ, దానికి మార్జిన్ కట్టాలి, గడువు దాటే ప్రతిసారి ఒప్పందాన్ని కొత్తగా తీసుకోవాలి, డాలర్ పెరిగిన ప్రతి రోజూ నష్టాన్ని నగదుగా చెల్లించాలి. పైగా అసలైన డాలర్ రిస్క్ ఉన్నవారికే ఈ ఒప్పందాలని రిజర్వు బ్యాంకు 2024లో గట్టిగా గుర్తు చేసింది. ఇంటి బడ్జెట్ మీద నడిచే మదుపరికి నేను దీన్ని సూచించను.

అక్క అమెరికా బాండ్ల ఫండ్ గురించి అడిగితే సమాధానం మళ్లీ మారుతుంది. 4 శాతం ఇచ్చే డాలర్ బాండ్‌ను హెడ్జ్ చేస్తే, దానికి ప్రీమియం 1.9 శాతం కలిసి దాదాపు 6 శాతం అవుతుంది. అది ఇక్కడ రూపాయి డిపాజిట్‌లో దొరికే వడ్డీయే. ఇంత తిరిగి వచ్చి చేరే చోటు ఇంటి పక్కనున్న బ్యాంకే అయినప్పుడు ఆ ఫండ్ అవసరం లేదు. హెడ్జ్ లేకుండా కొంటే, 4 శాతం వడ్డీ కంటే డాలర్ ఊగిసలాటే రాబడిని శాసిస్తుంది. అందుకే యూరప్‌లో, అమెరికాలో విదేశీ బాండ్ల ఫండ్లను హెడ్జ్ చేయడం మామూలు పద్ధతి, షేర్ల ఫండ్ల విషయంలో మాత్రం అభిప్రాయ భేదాలు ఎక్కువ.

ఇక తమ్ముడి విషయం. "అక్కా, నేను జర్మనీ ఎక్స్ఛేంజ్‌లో యూరోల్లోనే కొన్నాను కదా, ఇక డాలర్‌తో నాకేం పని?" అని అతను అడిగే ప్రశ్న నిజంగా చాలామంది అడిగేదే. కొన్న కరెన్సీకి, రిస్క్ ఉన్న కరెన్సీకి సంబంధం లేదు. CSPX ఫండే జర్మనీలో SXR8 అనే గుర్తుతో యూరోల్లో అమ్ముడవుతుంది. లోపల ఉన్నవి డాలర్ షేర్లే, హెడ్జ్ ఏమీ లేదు. తెరమీద ధర యూరోల్లో కనబడటం, హైదరాబాద్‌లో బంగారం ధర రూపాయల్లో కనబడటం లాంటిదే. తులం ధరలో డాలర్ రేటు ఎప్పుడూ దాగి ఉంటుంది. ఫండ్ పూర్తి పేరులో EUR Hedged అని స్పష్టంగా ఉంటేనే హెడ్జ్ ఉన్నట్టు. మన దేశంలో రూపాయల్లో ఎన్‌ఏవీ ఉన్న విదేశీ పథకాలకూ ఇదే వర్తిస్తుంది. అనుమానం ఉంటే పథకం సమాచార పత్రంలో కరెన్సీ రిస్క్ గురించి రాసిన భాగాన్ని చదవాలి.

తమ్ముడు అక్కడే స్థిరపడి, ఎనిమిదేళ్లలో మ్యూనిక్‌లోనే ఇల్లు కొనాలనుకుంటే, అతని ఖర్చు యూరోల్లో ఉంటుంది. అలాంటప్పుడు సగం హెడ్జ్ చేసినదీ సగం చేయనిదీ ఉంచుకోవడం సబబుగా కనిపిస్తుంది. హెడ్జ్ భాగం మీద ఏటా ఒకటి రెండు శాతం పోతుందని ముందే తెలుసుకుని, 2025 లాంటి సంవత్సరంలో ఆ భాగం అతన్ని కాపాడుతుందని లెక్కలో పెట్టుకోవచ్చు. గడువు దగ్గరపడే కొద్దీ హెడ్జ్ భాగాన్ని పెంచుకుంటూ పోవాలి. డాలర్, యూరో వడ్డీల తేడా అర శాతానికి దిగిన రోజుల్లో ఈ హెడ్జ్ దాదాపు ఉచితంగా దొరుకుతుంది, అప్పుడు సగానికి మించి ఉంచుకున్నా తప్పు లేదు.

నాలుగైదేళ్లలో హైదరాబాద్ తిరిగి రావాలనుకునే తమ్ముడికి మాత్రం యూరో హెడ్జ్ దాదాపు అర్థం లేనిది. అతని తుది ఖర్చు రూపాయల్లో ఉంటుంది. యూరో హెడ్జ్ చేసిన ఫండ్ అతని డబ్బును డాలర్ నుంచి తీసి యూరోలోకి కట్టేస్తుంది, దానికి ఏటా రుసుము లాగా వడ్డీ తేడాను వసూలు చేస్తుంది, చివరకు రూపాయల్లోకి మార్చుకునే రిస్క్‌ను అలాగే మిగులుస్తుంది. అతనికి CSPX లాంటి హెడ్జ్ లేని ఫండే మంచిది. తిరిగి రావడానికి రెండేళ్ల ముందు నుంచి, ఇక్కడ ఇంటికి, పిల్లల బడికి కావలసిన మొత్తాన్ని విడతలుగా అమ్మి ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి పంపుకుంటూ వస్తే, ఆ భాగం అప్పటికే రూపాయల్లో ఉంటుంది. మిగతా డబ్బు డాలర్ షేర్లలో కొనసాగినా ఇబ్బంది లేదు.